పచ్చి కాయలు పండ్లుగా మారిన క్యాప్షన్: ఒక మామిడి తోట కేస్ స్టడీ

నేపథ్యం

చిన్న వ్యాపారాలకు తెలుగులో క్యాప్షన్లు, పెట్టెల మీది రాతలు, ధరల పట్టికలు రాయడం, ఉన్నవాటిని సరిదిద్దడం నా పని. ఇక్కడ చెప్పే కేసు కోస్తాలో మామిడి తోట ఉన్న ఒక దంపతులది. వారిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను. క్యాప్షన్ల పాఠాలను మాత్రం వారి అనుమతితో, ఊరూ ధరా లేకుండా ఇస్తున్నాను.

వారు చాలా ఏళ్లు తోటను పూత మీదే వ్యాపారులకు గుత్తకు ఇచ్చేవారు. తర్వాత కొంత భాగం తమ దగ్గరే ఉంచుకుని, బంగినపల్లి కాయలను 5 కిలోల పెట్టెల్లో సర్ది బస్సు పార్సిల్ ద్వారా హైదరాబాదుకు, బెంగళూరుకు పంపడం మొదలుపెట్టారు. అమ్మకానికి ఉన్న ఆధారం ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పేజీ, వాట్సాప్‌లో కొన్ని గ్రూపులు. ఆయన చెబుతుంటే ఆమె ఫోనులో టైపు చేసేది. మొదటి ఏడాది ఆ పద్ధతిలోనే గడిచింది. అప్పుడు పెట్టిన క్యాప్షన్ ఇది:

"మా కాయలు మీ ఇంటికి పచ్చిగానే వస్తాయి. పెట్టె తెరవగానే కంగారు పడవద్దు. వరిగడ్డి పరిచి దాని మీద పెట్టి, అయిదారు రోజులు వాటి జోలికి వెళ్లకండి. గది తలుపు తీయగానే వాసన ఎదురొస్తే అప్పుడు ఒక్కటి కోయండి. అంతవరకు ఆగలేనివాళ్లు మా దగ్గర కొనకండి, పసుపుపచ్చగా మెరిసే కార్బైడ్ కాయలు బజారులో చాలా ఉన్నాయి. తొందరపడి కోసుకుని, చప్పగా ఉందని కాయను అనవద్దు."

ఇందులో మొదటి నుంచీ ధర లేదు, ఎలా కొనాలో లేదు, బజారు వాళ్లందరినీ ఒకే గాటన కట్టేసింది. అయినా ఇది చదివితే ఒక మనిషి ఎదురుగా నిలబడతాడు. అమ్మకం కంటే కాయ పరువు ముఖ్యమనుకునే మనిషి.

సమస్య

రెండో ఏడాది సీజను మధ్యలో ఆమె నాకు ఫోన్ చేసింది. "అందరూ బాగుంది అంటున్నారండీ. మా ఆయన మాత్రం ఇది నేను చెప్పింది కాదు అని పెట్టెల దగ్గరికి వెళ్లిపోతున్నారు" అంది. ఆ సరికి క్యాప్షన్ ఇలా ఉంది:

"ప్రకృతి ఒడిలో పెరిగిన మధురమైన బంగినపల్లి! ఎలాంటి రసాయనాలూ లేకుండా సహజసిద్ధంగా పండించిన మా తోట మామిడి పండ్ల రుచిని మీ కుటుంబ సభ్యులతో కలిసి ఆస్వాదించండి. నాణ్యతే మా హామీ. పరిమిత స్టాక్ మాత్రమే. ఇప్పుడే ఆర్డర్ చేయండి!"

దీనిలో తప్పు పట్టడానికి వ్యాకరణపరంగా ఏమీ లేదు. కాబట్టి ముందు అడగవలసిన ప్రశ్న: నిజంగా ఏదైనా పోయిందా, లేక రాసినవారికి తమ పాత మాట మీద ఉన్న మమకారమే ఇలా అనిపిస్తోందా? రెండోది కూడా తరచూ జరుగుతుంది. ఆ తేడా తేల్చకుండా పాత పాఠానికి వెళ్లిపోతే వ్యక్తిగత ఇష్టాన్ని నాణ్యత అనుకుని పొరబడతాం.

నేను మూడు పరీక్షలు పెడతాను. మొదటిది వస్తువు పేరు మార్చి చూడడం. "బంగినపల్లి" తీసి "నెయ్యి" అని పెట్టి, "పండించిన" అన్నచోట "తయారుచేసిన" అంటే ఈ క్యాప్షన్ చెక్కుచెదరదు. మొదటి క్యాప్షన్‌తో అదే పని చేయబోతే మొదటి వాక్యానికే ఆగిపోవాలి. రెండోది, అమ్మేవారికి కాస్తయినా నష్టం తెచ్చే వాక్యం ఒక్కటైనా ఉందా అని వెతకడం. మనిషి మాట్లాడితే ఎక్కడో ఒకచోట తనకు అనుకూలం కానిది కూడా చెబుతాడు. కొత్త పాఠంలో ప్రతి వాక్యమూ అమ్మేవారి పక్షమే. మూడోది నాకు అన్నిటికంటే నమ్మకమైనది: క్యాప్షన్‌ను ఆ కుటుంబం గురించి ఏమీ తెలియని వ్యక్తికి చదివి వినిపించి, "ఇది రాసిన మనిషి ఎలాంటివారు?" అని అడగడం. మొదటి పాఠం విన్న మా పక్కింటి పెద్దాయన "ముక్కుసూటి మనిషి, కొంచెం కోపిష్టి, కానీ మోసం చేయడు" అన్నారు. రెండోది విని "కంపెనీ" అన్నారు.

నాలుగో సూచన వెతకకుండానే దొరికింది. ఆ వారంలో వచ్చిన ఫిర్యాదులు చూపించమన్నాను. ఎక్కువ భాగం ఒకే రకం: కాయలు పచ్చిగా, గట్టిగా వచ్చాయి, పండ్లు పంపుతామని చెప్పి కాయలు పంపారు. ఒకావిడ పెట్టె రాగానే అన్నిటినీ ఫ్రిజ్‌లో పెట్టేసింది. పచ్చి మామిడిని అంత చల్లదనంలో ఉంచితే మాగడం ఆగిపోతుంది. బయటికి తీశాక కూడా సరిగ్గా పండదు, తోలు మీద మచ్చలు పడతాయి. మొదటి ఏడాది ఇలాంటి ఫిర్యాదు రాలేదు. పచ్చిగా వస్తాయి, కంగారు పడవద్దు అన్న ఆ మొరటు వాక్యమే అప్పుడు ఆ పని చేసింది. వ్యక్తిత్వం పోవడం అంటే అందం పోవడం అని చాలామంది అనుకుంటారు. ఇక్కడ దానితోపాటు సమాచారమే పోయింది.

ఎలా పోయింది

కుటుంబ వాట్సాప్ గ్రూపులో మార్పులన్నీ వరుసగా ఉన్నాయి. పైకి జరుపుకుంటూ ఒక్కొక్క పాఠాన్నీ, ఆ మార్పు ఎవరు ఎందుకు అడిగారో దాని పక్కనే రాసుకున్నాను. ఈ కేసులో తేలిన విషయాల్లో సగం అక్కడే తేలాయి. ఏ ఒక్కరూ చెడగొట్టాలని చూడలేదు. ప్రతి మార్పుకూ విడిగా చూస్తే న్యాయమైన కారణమే ఉంది.

మేనల్లుడు "మామయ్యా, కొనకండి అని ఎవరైనా రాస్తారా" అన్నాడు. ఆ వాక్యం పోయింది. దానితోపాటు బజారు మాట కూడా పోయింది. అది పోవడం సబబే. తర్వాత బొమ్మల డిజైన్ చేసే అబ్బాయి, ఫీడ్‌లో మొదటి రెండు వరుసలే కనిపిస్తాయి కాబట్టి మాగబెట్టే పద్ధతిని వేరే పోస్టుగా పెడదాం అన్నాడు. ఆ పోస్టు ఇంతవరకు రాలేదు. ఇంకో బంధువు "కాయలు అంటే పచ్చడికి అనుకుంటారు, పండ్లు అనండి" అన్నాడు. ఒక కొనుగోలుదారు రసాయనాలు వాడతారా అని అడిగితే, "ఎలాంటి రసాయనాలూ లేకుండా" అని చేర్చారు. చివరికి ఎవరో "మరీ పొడిగా ఉంది, కాస్త భావం చేర్చండి" అన్నారు. ప్రకృతి ఒడి వచ్చింది.

ఆ చివరి మార్పు దగ్గర కొంచెం ఆగాలి. అసలు భావం అంతకు ముందే, ఒక్కో మార్పుతో ఒక్కో చెంచా చొప్పున బయటికి పోయింది. పొడిగా ఉందని గమనించినవారు సరిగ్గానే గమనించారు. కానీ పోయినదాన్ని వెనక్కి తేకుండా, దాని చోటును ఎక్కడైనా దొరికే మాటలతో నింపారు. ఇది నేను చూసిన దాదాపు ప్రతి కేసులోనూ ఉంది: విశేషణాలు చివరి విడతల్లోనే వస్తాయి. "మధురమైన", "స్వచ్ఛమైన", "అద్భుతమైన" లాంటివి ఒకేసారి గుంపుగా కనిపిస్తే, వాటి కింద ఒక క్రియ చచ్చిపోయి ఉంటుందని వెతుకుతాను. ఇక్కడ పోయిన క్రియలు చూడండి: కంగారు పడవద్దు, జోలికి వెళ్లకండి, ఎదురొస్తే, కోయండి, అనవద్దు. మిగిలినవి రెండు: ఆస్వాదించండి, ఆర్డర్ చేయండి.

ఇంకొకటి. "ఎలాంటి రసాయనాలూ లేకుండా" అన్నది నిజం కాదు. పూత సమయంలో తేనెమంచు పురుగు కోసం ఆయన మందు కొట్టారు. కొట్టకపోతే ఆ పురుగు పూతలో రసం పీల్చేసి, పిందె నిలవనివ్వదు. ఆయన వాడనిది కార్బైడ్. కాల్షియం కార్బైడ్‌తో పండ్లు మాగబెట్టడాన్ని మన దేశంలో ఆహార భద్రతా నిబంధనలు నిషేధించాయి. ఆయన మొదట చెప్పింది ఆ ఒక్క విషయమే, చాలా కచ్చితంగా. నునుపు చేసే క్రమంలో ఆ కచ్చితమైన మాట పెద్ద అబద్ధంగా మారిపోయింది. "ఇది నేను చెప్పింది కాదు" అని ఆయన అన్నది అక్షరాలా నిజం.

ప్రయత్నించినవి, ఫలించనివి

నేను రాకముందే ఆమె ఒక పని చేసి చూసింది. నునుపైన పాఠానికి ఒక సామెత, రెండు ఊరి మాటలు, ఒక నవ్వు బొమ్మ చేర్చింది. అది అతకలేదు. కారణం స్పష్టమే: వాక్యాలు ఇంకా ఎవరివో, మాటలు మాత్రం ఊరివి. కంపెనీ ప్రతినిధి తలపాగా చుట్టుకుని వచ్చినట్టు ఉంది. వ్యక్తిత్వం పదాల్లో ఉంటుందనుకుంటే ఈ దారిలోనే పోతాం. నిజానికి మొదటి క్యాప్షన్‌లో యాస లేదు, సామెత లేదు, చమత్కారం లేదు. ఉన్నది ఒక వైఖరి: నాకు కాయ గురించి తెలుసు, మీరు నా మాట వినండి, వినకపోతే నిందను కాయ మీద వేయకండి.

తర్వాత నేను సూచించింది మొదటి పాఠాన్నే యథాతథంగా తిరిగి పెట్టడం. ఖర్చు లేని పరీక్ష కాబట్టి ముందు అదే చేద్దాం అన్నాను. పచ్చి కాయల ఫిర్యాదులు ఆగాయి. కొత్త ఇబ్బందులు రెండు వచ్చాయి. ఆమె ఇచ్చే జవాబుల్లో సగం "ధర ఎంత, ఎలా పంపుతారు" అన్నవాటికే సరిపోయేవి. బజారు మాట చూసి, ఊళ్లో పండ్ల కొట్టు నడిపే దగ్గరి బంధువు నొచ్చుకున్నాడు. అతను కార్బైడ్ వాడడు. అంటే మొదటి పాఠాన్ని మార్చమన్న కారణాలు కొన్ని నిజమైనవే, అవి పోలేదు. వెనక్కి వెళ్తే భావంతోపాటు పాత లోపాలు కూడా తిరిగి వస్తాయి. పైగా మొదటి ఏడాది కొన్నవారిలో చాలామంది పల్లెల నుంచి నగరాలకు వెళ్లినవారు, వరిగడ్డి అంటే తెలిసినవారు. రెండో ఏడాది కొంటున్నవారిలో అపార్ట్‌మెంట్లలో పుట్టి పెరిగినవారు ఎక్కువ. "గడ్డి ఎక్కడ దొరుకుతుంది" అని అడిగేవారు.

ఫలించినది

వాట్సాప్ నుంచి తీసిన మార్పుల జాబితాను మళ్లీ ముందు పెట్టుకుని ప్రతి మార్పునూ ఒకే ప్రశ్న అడిగాం: ఇది ఒక తప్పును దిద్దిందా, చదివేవారికి కావలసిన దాన్ని చేర్చిందా, లేక ఎవరైనా ఏమైనా అనుకుంటారేమో అన్న భయంతో వచ్చిందా? బజారు మాట తీసేయడం మొదటి రకం. ధర కావాలనడం రెండో రకం. "కొనకండి" తీసేయడం, "పండ్లు" అని మార్చడం, ప్రకృతి ఒడి తేవడం మూడో రకం. మొదటి రెండు రకాలను ఉంచి, మూడో రకాన్ని వెనక్కి తిప్పాలని నిర్ణయించాం. మాగబెట్టే పద్ధతిని విడదీసిన మార్పు ఎటు చెందుతుందన్న దగ్గర కాసేపు తర్జనభర్జన జరిగింది. రెండు వరుసలే కనిపిస్తాయన్న మాట నిజమే. అలాంటప్పుడు ఆ రెండు వరుసల్లో ఏది ఉండాలన్నది ఆలోచించాలి. చదివేవారు చూడగలిగేది అంతే అయితే, వారికి నష్టం కలగకుండా ఆపే వాక్యమే అక్కడ ఉండాలి. కాబట్టి పచ్చి కాయల మాట మొదటికి వచ్చింది.

తర్వాతి అడుగు ఆయన గొంతును మళ్లీ వినడం. క్యాప్షన్ ఎలా ఉండాలని ఆయన్ని అడిగితే ఆయన కూడా "నాణ్యమైన" అనే మొదలుపెట్టారు. ఎవరైనా అంతే, రాత అనగానే రాతమనిషి అయిపోతారు. అందుకే ఆమెకు ఒక పని చెప్పాను. ఎవరైనా కొన్నవారు కాయలు పచ్చిగా ఉన్నాయని ఫోన్ చేసినప్పుడు ఆయనకే ఇవ్వమని, మన వైపు మాటలు మాత్రం రికార్డు చేయమని. ఆయన ఎదుటివారికి సర్దిచెబుతున్నప్పుడు దొరికిన వాక్యాలు వేరే స్థాయివి. "ఈ ఆదివారానికే కావాలంటే మా కాయలు మీకు పనికిరావండీ" అన్నది అలా వచ్చిందే. "కొనకండి" అన్నదాని బిగువు ఇందులో ఉంది, దెబ్బ లేదు. కొనేవారిని తరిమేయకుండా వారి అవసరాన్నే కొలబద్దగా పెట్టింది. మేనల్లుడు చెప్పిన అభ్యంతరానికి సరైన జవాబు వాక్యాన్ని తీసేయడం కాదు, ఇలాంటి వాక్యాన్ని వెతకడం.

రికార్డింగుల్లో ఇంకో మంచి భాగం ఉంది. సొన కారి కాయ మీద మచ్చ పడకుండా తొడిమతో కోసి, నీడలో బోర్లించి ఉంచుతామని ఆయన వివరించారు. చాలా బాగుంది, అయినా క్యాప్షన్‌లో పెట్టలేదు. అది ఆయన పడే శ్రమ గురించిన మాట. ఈ క్యాప్షన్‌లోని భావం అంతా కొన్నవారి చేతిలో కాయ ఏమవుతుందోనన్న ఆరాటం. రెండు భావాలు కలిపితే రెండూ పలచబడతాయి. దాన్ని వేరే ఫొటో కోసం దాచాం.

ఇక పాఠానికి ప్రాణం ఏ వాక్యంలో ఉందో తేల్చాలి. నా పద్ధతి సులువు: ఒక్కో వాక్యాన్ని మూసి మిగిలినది చదవడం. ఏది మూస్తే మాట్లాడే మనిషి మాయమవుతాడో అదే. ఇక్కడ అది చివరి వాక్యం, "చప్పగా ఉందని కాయను అనవద్దు". దాన్ని ఎవరూ ముట్టుకోకూడదని ముందే నియమం పెట్టుకుని, మిగిలినవాటిని దాని చుట్టూ కట్టాం:

"పెట్టె తెరిస్తే పచ్చి కాయలే కనిపిస్తాయి. అలాగే పంపుతున్నాం, కంగారు పడవద్దు.

వరిగడ్డి మీద, దొరకకపోతే పాత కాగితాల మీద, ఒకదానికొకటి తగలకుండా పరవండి. ఫ్రిజ్‌లో పెట్టకండి. అయిదు నుంచి ఏడు రోజులు పడుతుంది. గది తలుపు తీయగానే వాసన ఎదురొచ్చిన రోజున ఒకటి కోయండి.

ఈ ఆదివారానికే కావాలంటే మా కాయలు మీకు పనికిరావు.

పూత మీద తేనెమంచు పురుగుకు మందు కొట్టాం. కోసిన తర్వాత కార్బైడ్ గానీ, మరొకటి గానీ వేయం.

తొందరపడి కోసుకుని, చప్పగా ఉందని కాయను అనవద్దు."

దీని కింద ధర, బరువు, బస్సు పార్సిల్ వివరం ఒకే వరుసలో, ఏ అలంకారమూ లేకుండా. వ్యవహారానికి సంబంధించిన వరుసకు గొంతు అవసరం లేదు. అక్కడ వేగమే మర్యాద.

మందు కొట్టామన్న వాక్యం దగ్గర ఆమె వెనకాడింది. ఉంచమని నేను గట్టిగానే చెప్పాను. ఆ వాక్యం ఉన్నందువల్లే తర్వాతి వాక్యాన్ని నమ్మగలం. ఆయన మాత్రం వెంటనే ఒప్పుకున్నారు.

సమీక్ష పద్ధతిని కూడా మార్చాం, లేకపోతే ఇదే కథ మళ్లీ మొదలయ్యేది. కుటుంబ గ్రూపులో పెట్టేటప్పుడు "ఎలా ఉంది" అని అడగడం మానేసి, "ఇందులో తప్పు ఏదైనా ఉందా, అర్థం కానిది ఏదైనా ఉందా" అని మాత్రమే అడగమన్నాను. ఎలా ఉంది అంటే ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి చెప్పి తీరాలనుకుంటారు. అభ్యంతరం చెప్పవచ్చు, బదులు మాట సూచించకూడదు అన్నది రెండో నియమం. దిద్దే చేయి ఒక్కటే, ఆమెది. "వాసన ఎదురొచ్చిన రోజున అంటే ఎలా తెలుస్తుంది" అని ఒక కోడలు అడిగింది. అది నిజమైన ప్రశ్న. కాబట్టి తొడిమ దగ్గర బొటనవేలితో నొక్కితే కాస్త మెత్తగా తగలాలి అన్న వివరాన్ని పోస్టు కింద జవాబుగా పెట్టారు. పాఠం కదలలేదు.

ఫలితం, దాని హద్దులు

ఆ సీజను మిగిలిన రోజుల్లో పచ్చి కాయల ఫిర్యాదు దాదాపు ఆగిపోయింది. ఫోన్లలో అడిగే ప్రశ్నలు మారాయి: ఎన్నో రోజు కోయాలి, బాల్కనీలో పెట్టవచ్చా లాంటివి. కొందరు "ఆదివారానికి కావాలి, కాబట్టి ఈసారికి వద్దు" అని చెప్పి మానుకున్నారు. అవి పోయిన అమ్మకాలే, కానీ ఆ పెట్టెలు అమ్ముడై ఉంటే తిరిగి వచ్చే ఫిర్యాదులు కూడా అవే. మొత్తం అమ్మకాలు క్యాప్షన్ వల్ల పెరిగాయని మాత్రం చెప్పలేను. మామిడి ధర, ఎండ, బజారులోకి వచ్చిన సరుకు అన్నీ వారం వారం మారుతుంటాయి. వాటి నుంచి ఒక క్యాప్షన్ ప్రభావాన్ని విడదీయడం సాధ్యం కాదు.

ఈ పద్ధతి పని చేయాలంటే మొదటి పాఠంలో ఎవరో ఒక మనిషి ఉండి ఉండాలి. మొదటి నుంచీ "నాణ్యతే మా హామీ" అనే మొదలైన పాఠాల్లో వెనక్కి తవ్వితే దొరికేది ఏమీ ఉండదు. అక్కడ తిరిగి తేవడం గురించి కాక, రికార్డింగుతో కొత్తగా మొదలుపెట్టడం గురించి ఆలోచించాలి. మార్పుల చరిత్ర దాచుకోనివారితో కూడా ఇదే ఇబ్బంది. అందుకే ఇప్పుడు నా దగ్గరికి వచ్చే ప్రతి ఒక్కరినీ మొదటి చిత్తు, అది ఎంత అడ్డదిడ్డంగా ఉన్నా, తేదీ వేసి విడిగా దాచమని అడుగుతున్నాను.

తర్వాత వారు చిన్న రసాలు కూడా కొద్దిగా అమ్మడం మొదలుపెట్టి, ఇదే క్యాప్షన్‌లో పేరు మార్చి పెట్టవచ్చా అని అడిగారు. కుదరదు అన్నాను. రసాలను వారు దగ్గరి ఊళ్లకే, మాగిన తర్వాతే పంపుతారు; మాగిన రసం దూర ప్రయాణానికి తట్టుకోదు. కొనేవారు ఆగవలసిన పని లేదు, ఇంకా చెప్పాలంటే ఆగకూడదు. బంగినపల్లి కోసం ఆయన పడ్డ ఆరాటానికి ఇది పూర్తిగా ఎదురు. ఆమె మళ్లీ ఫోను ఆయన చేతికి ఇచ్చి, రసాలు ఎప్పటికి వస్తాయని అడిగిన వారితో మాట్లాడమంది. ఆయన మొదటి వాక్యమే "రేపటికి ఉంచుకుందాం అనుకునేవాళ్లకు ఇవి వద్దండీ" అని వచ్చింది. కొత్త క్యాప్షన్‌ను అక్కడి నుంచి మొదలుపెట్టాం.